ధన్యవాదాల తర్వాతి స్లైడ్లు

ఆ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో ఎవరిదో ఓపెన్ వైవా జరుగుతోందంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. నా వంతు దగ్గర పడుతోంది కాబట్టి చూసి కొంత ధైర్యం తెచ్చుకుందామని. ఆ అబ్బాయి కంగారులో పవర్‌పాయింటును నిండు తెర మీద పెట్టడం మరిచిపోయాడు. తెరకి ఎడమపక్కన చిన్నచిన్న స్లైడ్ల వరస అందరికీ కనబడుతూనే ఉంది. నేను అతని మాటలు సగం వింటూ, సగం ఆ వరసనే చూస్తూ కూర్చున్నాను. కిందికి వెళ్లగా వెళ్లగా గులాబీల బొమ్మతో ‘ధన్యవాదాలు’ అన్న స్లైడు వచ్చింది. దాని కింద మాత్రం వరస ఆగలేదు. ఇంకో పదో పన్నెండో ఉన్నాయి. అందరికీ దణ్ణం పెట్టేశాక ఇంకా ఏం చెబుతాడు? చెప్పదలుచుకున్నవైతే ముందే చెప్పొచ్చుగా? చెప్పదలుచుకోనివైతే ఎందుకు తయారు చేసినట్టు? కాసేపటికి ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు ఒక ప్రశ్న అడిగారు. అబ్బాయి గబగబా కిందికి జరిపి, ఆ దాచిన వాటిలోంచి ఒకటి తీసి చూపించాడు. పరీక్షకుడు తలూపి ఊరుకున్నారు. తిరుగు ప్రయాణంలో పామర్రులో దిగి చల్లపల్లి బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా నా బుర్రలో అదే తిరుగుతోంది. అతను మొదట ఇరవై నిమిషాలూ చెప్పినదానికంటే, ఆ ఒక్క స్లైడు చూశాకే అతనికి విషయం తెలుసన్న నమ్మకం నాకు కలిగింది.

నాది కూచిపూడి. బడిలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైములో పరిశోధన చేశాను. సిద్ధాంత గ్రంథంలో వైవాకి ఎక్కువగా పనికొచ్చేది, ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కూడా మూడో అధ్యాయమే అని మా గైడు గారు ముందే అన్నారు. అది మా ఊరి భాగవతుల మేళాలు ఎంత పాతవి అన్న సంగతి. ఊళ్లో పుట్టినవాళ్లకి ఇది ప్రశ్నే కాదు, అయిదు వందల ఏళ్లు అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ అయిదు వందలకి ఆధారం మాచుపల్లి కైఫీయతు. కడప సీమలో సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్లని హింసించేవాడనీ, అది చూసిన కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల ముందు ఆ హింసనే వేషం కట్టి ఆడారనీ, రాయలు సంగతి గ్రహించి గురవరాజుని శిక్షించాడనీ అందులోని కథ. తర్వాత వచ్చేది గోలకొండ తానీషా మా ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న మాట, దానికి 1678 అని సంవత్సరం చెబుతారు. ఆ తర్వాత 1763 నాటి ఆస్తి పంపకాల పత్రం. అందులో భాగవతుల కుటుంబాల ఇంటిపేర్లు ఉన్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత బరువు మోయగలదో తూచడమే నా అధ్యాయం.

రాసేటప్పుడు ఇదంతా నాకు దొరికిన వరసలో రాసుకుంటూ పోయాను. ఒక పుస్తకం, దాంట్లోంచి ఇంకో పుస్తకం, మధ్యలో పెద్దవాళ్లు చెప్పిన సంగతులు, కింద చిన్న అక్షరాల్లో అధోజ్ఞాపికలు. చదివేవాళ్లకి తొందరేముంది, ఇష్టమైతే వెనక్కి తిప్పి చూసుకుంటారు. వైవాలో ఆ వెసులుబాటు లేదు. మొత్తం గ్రంథానికి అరగంట లోపు ఇస్తారు, దాంట్లో ఈ అధ్యాయానికి నేను తీసుకోగలిగింది పది నిమిషాలు. మొదట చాలామంది చేసే పనే నేనూ చేయబోయాను: ఉపశీర్షికలన్నీ తీసి స్లైడుకి ఒకటి చొప్పున అంటించడం. గైడు గారు వాటిని చూసి, “ఇది విషయసూచిక కదమ్మా. నీ వాదం ఏది?” అన్నారు. అప్పుడు ల్యాప్‌టాప్ మూసేసి, ఒక తెల్లకాగితం మీద అధ్యాయాన్ని ఒక్క వాక్యంలో రాయడానికి కూర్చున్నాను. చెప్పుకోవడానికి చిన్నపనిలా ఉంటుంది గానీ, డెబ్భై పేజీలు రాసిన చెయ్యి ఒక్క వాక్యం దగ్గర మొరాయించింది. చివరికి తేలింది ఇది: నేను పరిశీలించిన ఆధారాల్లో, అయిదు వందల ఏళ్ల మాట ప్రదర్శన జరిగిందన్న కాలానికి మూడు వందల ఏళ్ల తర్వాత రాసుకున్న ఒకే ఒక్క కథనం మీద నిలిచింది, జరిగిన కాలంలోనే రాసిన పత్రం 1763 దగ్గర మొదలవుతుంది. ‘నేను పరిశీలించిన ఆధారాల్లో’ అన్న మాటను వదలొద్దని గైడు గారు గట్టిగా చెప్పారు. అది వినయం కోసం పెట్టింది కాదు. అది లేకపోతే లోకంలో మరే ఆధారమూ లేదని నిరూపించే పూచీ నా మెడకు చుట్టుకుంటుంది.

ఆ వాక్యం చేతికొచ్చాక కోయడం తేలికైంది. దాన్ని నిలబెట్టే సంగతి ఉంటుంది, లేనిది పోతుంది. అధ్యాయంలో నాలుగు పేజీలు ఆక్రమించిన ఒక పట్టిక ఉండేది. అందులో ఆధారం పేరు, కాలం, ఎక్కడుంది, ఎవరు ఉటంకించారు అన్నీ ఉన్నాయి. దాన్ని అలాగే తెర మీద పెడితే వెనక వరసలో కూర్చున్న నాలాంటి వాళ్లకి చీమలబారు కనబడుతుంది. దాని బదులు ఒక అడ్డగీత గీసి, దాని మీద 1500 నుంచి 1850 దాకా ఏళ్లు వేశాను. ప్రతి ఆధారానికీ రెండు చుక్కలు. మొదటిది, జరిగిందని చెబుతున్న కాలం. రెండోది, అది కాగితం మీదికి ఎక్కిన కాలం. కైఫీయతుకి మొదటి చుక్క పదహారో శతాబ్ది మొదట్లో పడింది. రెండోది పందొమ్మిదో శతాబ్ది మొదట్లో, ఎందుకంటే ఈ కైఫీయతులు కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి తన సహాయకులతో ఊరూరా సేకరింపజేసినవి. మెకంజీ 1821లో పోయాడు. రెండు చుక్కల్నీ కలిపితే తెర సగానికి పైగా పాకిన గీత. తానీషా దానానికి మొదటి చుక్క 1678 దగ్గర పెట్టాను గానీ, రెండోది ఎక్కడ పెట్టాలో తేలక గీత చివర ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. 1763 పత్రానికి రెండు చుక్కలూ ఒకే చోట పడ్డాయి, గీతే లేదు. బొమ్మ కింద శీర్షికగా ‘ఆధారాల పరిశీలన’ అని పెట్టబోయి ఆగి, ‘కైఫీయతు కథకూ రాతకూ మధ్య మూడు వందల ఏళ్లు’ అని రాశాను. శీర్షిక చదివితే చాలు, నేను మాట తడబడినా చూసేవాళ్లకి సంగతి అందుతుంది. అధ్యాయం రాసినప్పుడు ఈ బొమ్మ నాకు తోచనే లేదు. ఇప్పుడు అచ్చులో కూడా చేర్చాలనిపిస్తోంది.

సరే, కోసేసినవన్నీ ఏం చెయ్యాలి? ఇక్కడే నాకు ఆ గులాబీల స్లైడు మళ్లీ గుర్తొచ్చింది. మనసు ఒప్పక వదిలిన ప్రతిదాన్నీ ధన్యవాదాల కింద దాచుకుంటే అది అటకే అవుతుంది. నాకు కష్టపడి దొరికింది వేరు, వాళ్లు అడగబోయేది వేరు. అడగబోయేది తెలుసుకోవడానికి దొంగదారులేమీ అక్కర్లేదు. యూజీసీ నిబంధనల ప్రకారం గ్రంథాన్ని గైడుతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదివి నివేదికలు రాస్తారు, వాళ్లలో కనీసం ఒకరు వైవాలో కూర్చుంటారు. ఆ నివేదికల్లో లేవనెత్తిన సందేహాలు మొదటి బుట్ట. గైడు గారు చిత్తుప్రతి అంచుల్లో పెన్సిలుతో గీసిన ప్రశ్నార్థకాలు రెండో బుట్ట. మూడోది ఎవరూ చెప్పనిది, నాకై నేను కనిపెట్టుకున్నది: నా అధోజ్ఞాపికలే. పైన ధీమాగా ఒక వాక్యం రాసి, కింద చిన్న అక్షరాల్లో ‘అయితే దీనిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి’ అని ఎక్కడెక్కడ రాశానో చూసుకుంటే, నేను ఎక్కడ భయపడ్డానో అక్షరాలా బయటపడింది. పరీక్షకులు కూడా చెయ్యి తిరిగినవాళ్లు, వాళ్ల కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఒకటి విప్పి చూపిస్తాను. కైఫీయతులోని ప్రదర్శనకు చాలా పుస్తకాలు 1502 అని సంవత్సరం వేస్తాయి. వేషం చూసిన రాజు వీరనరసింహరాయలు అంటారు. విజయనగర చరిత్ర తెలిసిన ఎవరైనా అడిగేది ఒక్కటే: తుళువ వీరనరసింహుడు సింహాసనం ఎక్కింది 1505లో కదా, 1502లో ఆయన ముందు ఎలా ఆడారు? ఈ ప్రశ్నకు నేను మొదట చేసిన స్లైడులో ఎవరెవరు ఏ సంవత్సరం రాశారో ఆరేడు వరసలు ఉన్నాయి. నోటితో చదివి చూసుకుంటే నాకే ఊపిరాడలేదు, పైగా జవాబు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తీసేసి మళ్లీ చేశాను. ఎడమపక్క నాలుగే నాలుగు వరసలు: తుళువ నరసనాయకుడు 1503లో మరణం, వీరనరసింహుడు అధికారంలోకి, 1505లో పట్టం, 1509లో కృష్ణదేవరాయలు. కుడిపక్క ఒకే వాక్యం: కైఫీయతు చెప్పే రాజు పేరు నిజమైతే ప్రదర్శన 1505, 1509 మధ్య జరిగి ఉండాలి. దాని కింద, అన్నిటికంటే ముఖ్యమైన వరస: ఏ సంవత్సరం తీసుకున్నా కథకూ రాతకూ మధ్య దూరం మూడు వందల ఏళ్లే, నా వాదం మారదు. నోటితో చెప్పే వరస కూడా అదే పెట్టుకున్నాను. ముందు ‘అవును సార్, 1502 పొసగదు’ అని ఒప్పేసుకోవడం, తర్వాత లెక్క, చివర వాదం మీద దాని ప్రభావం. ఒప్పుకోవాల్సినదాన్ని చివరికి నెడితే, మధ్యలో చెప్పే లెక్క అంతా తప్పించుకోవడంలాగే వినబడుతుంది. ఇలా చేసిన తర్వాత మిగతావాటికి ఇదే కొలత అయింది. ‘దీనివల్ల నా వాదం ఏమవుతుంది’ అన్న ఆఖరి వరస రాయలేకపోతే ఆ స్లైడు అక్కర్లేదని అర్థం. సిద్ధేంద్రయోగి కాలం గురించి ముచ్చటపడి చేసిన మూడు స్లైడ్లు ఆ దెబ్బకి ఎగిరిపోయాయి. ఆయన పదిహేడో శతాబ్ది వాడైనా, అంతకు ముందు వాడైనా, ఈ అధ్యాయం నిలిచేది పడేది దాని మీద కాదు.

అంతా అయ్యాక ఒక రాత్రి నాకు వేరే గుబులు పట్టుకుంది. ప్రశ్నలు ముందే ఊహించుకుని, జవాబులు ముందే తెర మీద పరుచుకుని వెళ్తే అది పరీక్ష ఎలా అవుతుంది? కవచం తొడుక్కుని వెళ్లడం కాదూ? ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి భామాకలాపం గుర్తుకు రాక తప్పలేదు. అందులో సూత్రధారుడే మాధవి అయి సత్యభామని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతుంటాడు. నీ భర్త ఎవరు, పేరేమిటి అంటే, ఆవిడ భర్త పేరు నోటితో చెప్పకూడదని సిగ్గుపడి గుర్తులు చెబుతుంది. మాధవి అర్థం కానట్టు నటించి ఇంకా గుచ్చుతుంది. లేఖ పట్టుకెళ్లాలంటే ముక్కెర ఇమ్మంటుంది. ఆ ప్రశ్నలు సత్యభామ వేసేవాడికీ తెలుసు, రామలింగేశ్వరుడి గుడి ముందు చాపల మీద కూర్చున్న మాకూ తెలుసు. అయినా వేదాంతం సత్యనారాయణశర్మ గారి వంటివాళ్లు భామగా నిలబడితే, ఆ ప్రశ్న ఆ క్షణాన్నే పుట్టినట్టు వినేవాళ్లట, మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తయారీ దాచుకోవడానికి కాదు, వినడానికి తీరిక ఇస్తుందేమో. జవాబు కోసం లోపల తడుముకునే పని లేనప్పుడే కదా అవతలివాళ్లు నిజంగా ఏం అడుగుతున్నారో చెవిని పడేది. అయినా ఈ పోలిక పూర్తిగా కుదురుతుందని అనుకోను. మాధవి మొత్తానికి సత్యభామ చెలికత్తె. ఎక్స్‌టర్నల్ గారు అలా కాకపోవచ్చు.

వైవాకి ముందు ఒకసారి ఎవరికైనా చెప్పి చూసుకోవాలంటే నేను డిపార్టుమెంటు వాళ్ల దగ్గరికి పోలేదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, దశాబ్దాల పాటు మేళంలో హాస్యగాడి వేషాలు కట్టినవారు. అరుగు మీద కుర్చీలో ల్యాప్‌టాప్ పెట్టి, ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. గీతా చుక్కల బొమ్మ దగ్గర ఆయన ఆపించారు. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“బాగుందమ్మా. ఇంతకీ ఆ కైఫీయతు నువ్వు చూశావా, చదివావా?”

“చదివాను తాతగారూ, అచ్చుపుస్తకంలో.”

“అచ్చు సంగతి అడగలేదు. అసలు రాతప్రతి?”

“లేదండీ. మెకంజీ తెలుగు ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉంటాయి. నేను అచ్చుప్రతి మీదే ఆధారపడ్డాను.”

“మరి 1763 కాగితం?”

“అదీ ఇతరులు ఎత్తి రాసిందే.”

“అయితే ఆ మాట బొమ్మలో లేదేం?” అన్నారాయన, అంతే మామూలుగా. నేను తయారు చేసుకున్న ప్రశ్నల్లో ఇది లేదు. నివేదికల్లో లేదు, పెన్సిలు గీతల్లో లేదు, అధోజ్ఞాపికల్లో కూడా లేదు, ఎందుకంటే అచ్చుప్రతిని అసలు ప్రతిగా వాడుకోవడం మా అందరికీ అలవాటైపోయి అది ప్రశ్నగా కనబడడమే మానేసింది. ఆ రాత్రి ఒక స్లైడు చేశాను. రెండే గడులు: ‘నేను కళ్లతో చూసినవి’, ‘ఇతరులు ఉటంకించగా తీసుకున్నవి’. మొదటి గడి రెండో గడికంటే చాలా పొట్టిగా వచ్చింది. దాన్ని బ్యాకప్పులో పెట్టాలా, ముందుకు తేవాలా అని తర్జనభర్జన పడి, చివరికి ముందుకే తెచ్చి గీతల బొమ్మ పక్కన పెట్టాను. బ్యాకప్పు కోసం పుట్టిన స్లైడు అసలు వరసలోకి ఎక్కింది అదొక్కటే. నన్నడిగితే మొత్తం తయారీలో నిజంగా పనికొచ్చింది కూడా అదే.

ఇక పనిముట్ల గోల. తెలుగులో గ్రంథం రాసిన ప్రతివాళ్లకీ ఇది తప్పదు. నా థీసిస్ డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించింది. ఆ అక్షరాల్ని పవర్‌పాయింటులోకి తెచ్చి అతికిస్తే తెలుగు మాయమై ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. మన కంప్యూటరులో ఆ ఫాంటు ఉండి సరిగ్గా కనబడినా, సెమినారు హాల్లోని కంప్యూటరులో అది లేకపోతే అక్కడ అదే గోల. అందుకే కోసిన కొద్ది వాక్యాల్నీ యూనికోడులో మళ్లీ కొట్టుకున్నాను, మండలి అనే ఫాంటులో. మన దివిసీమ మనిషి, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద పెట్టిన ఫాంటు అది. ఫాంటుని ఫైలులోనే పొదిగి, దానికి తోడు పీడీఎఫ్ ప్రతి కూడా పెన్‌డ్రైవులో వేసుకున్నాను. ఇంకొకటి, ఆ అబ్బాయిలా అందరి ముందూ కిందికి జరుపుకుంటూ వెతుక్కోనక్కర్లేదు. స్లైడ్‌షో నడుస్తుండగా స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తుంది, హైడ్ చేసిన స్లైడు అయినా సరే. వెనక్కి రావడానికీ అదే దారి. ప్రశ్నా, నంబరూ పెద్ద అక్షరాల్లో రాసుకున్న కాగితం ఒకటి చేతిలో ఉంటే చాలు. అందులో పది వరసల కంటే ఎక్కువ ఉంటే ఆ కంగారులో కన్ను ఆనదు, నేను ఎనిమిది దగ్గర ఆపాను.

వైవా రోజు ఎనిమిదింటిలో బయటికి వచ్చినవి రెండే. వాటిలో ఒకటైన 1502 ప్రశ్న అనుకున్నట్టే వచ్చింది. అనుకున్న వరసలోనే చెప్పాను. పరీక్షకురాలు అంతటితో వదల్లేదు, రాజు పేరు మాత్రం నిజమని ఎందుకు నమ్మాలి అని అడిగారు. దానికి స్లైడు లేదు, నమ్మాలని నేను అనడం లేదని, అందుకే ‘నిజమైతే’ అని రాశానని చెప్పాను. తర్వాత ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, “మీరు ఆ ఊరివారు. ఈ మాట ఊళ్లో ఎలా చెబుతారు?” అన్నారు. దానికి ఏ స్లైడూ పనికిరాదు. చెబుతున్నానండీ, ముందు అరుగు మీద చెప్పే వచ్చాను అన్నాను. మిగతా ఆరూ అలాగే ధన్యవాదాల కింద ఉండిపోయాయి. అవి వృథా అయ్యాయని నాకు అనిపించలేదు గానీ, వాటికోసం నిద్ర మానుకోనక్కర్లేదని మాత్రం ఇప్పుడు పరిశోధన చేస్తున్న పిల్లలకి చెబుతాను.

ఆ రెండు గడుల స్లైడులో మొదటి గడి ఇంకా పొట్టిగానే ఉంది. కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి చుట్టుపక్కల ఇళ్లలో మేళాల వాళ్ల పాత పంపకాల కాగితాలు, ఈనాం పత్రాలు, యాత్రల్లో రాసుకున్న ఉత్తరాలు, కలాపాల రాతప్రతులు ఇప్పటికీ ట్రంకుపెట్టెల్లో ఉండే ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే అమ్మొద్దు, ఎవరికీ ఇచ్చెయ్యొద్దు. చెదలు పట్టకముందే ఒక్కసారి విప్పి, ప్రతి పుటకీ ఫోనుతో ఫొటో తీయించి, ఒక ప్రతి మా ఊరి సిద్ధేంద్రయోగి కళాపీఠంలో ఇవ్వండి.